ఎన్‌పీఎస్ డబ్బు 80 శాతం తీసుకోవచ్చు.. కానీ పన్ను లేనిది 60 శాతానికే! రిటైరయ్యే ప్రైవేట్ ఉద్యోగులు చూసుకోవాల్సిన లెక్క ఇదే

షాద్‌నగర్: కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్.. బెంగళూరు హైవే పక్కన ఉన్న ఈ పారిశ్రామిక బెల్ట్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన ప్రైవేట్ ఉద్యోగులు ఇప్పుడు ఒక్కొక్కరుగా రిటైర్మెంట్ వయసుకు వస్తున్నారు. పీఎఫ్ గురించి వీళ్లందరికీ తెలుసు. గ్రాట్యుటీ కూడా తెలుసు. కానీ కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్, అంటే జాతీయ పెన్షన్ పథకంలో చేరినవాళ్లకు మాత్రం చివర్లో ఓ కొత్త ప్రశ్న ఎదురవుతోంది. మొత్తం డబ్బులో చేతికి ఎంత తీసుకోవాలి? పెన్షన్‌కి ఎంత వదలాలి? ఏది తీసుకుంటే ఎంత పన్ను పడుతుంది?

2025 డిసెంబర్‌లో పెన్షన్ నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్డీఏ నిబంధనలు మార్చడంతో ఈ ప్రశ్న ఇంకాస్త ముదిరింది. ప్రైవేట్ ఉద్యోగులు ఇప్పుడు 80 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చు. వినడానికి బాగుంది. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. అసలు మెలిక ఆ తర్వాతే ఉంది.

రూల్ మారింది.. పన్ను చట్టం మారలేదు

ముందు పాత పద్ధతి చూద్దాం. 60 ఏళ్లు నిండాక ఎన్‌పీఎస్ ఖాతా మూసేస్తే, జమైన మొత్తంలో 60 శాతం వరకు ఒకేసారి చేతికిచ్చేవాళ్లు. మిగతా 40 శాతంతో తప్పనిసరిగా యాన్యుటీ కొనాలి. యాన్యుటీ అంటే ఏం లేదు, మన డబ్బును ఓ బీమా కంపెనీకి ఒకేసారి కట్టేస్తే, వాళ్లు బతికున్నంత కాలం నెలనెలా పెన్షన్ ఇస్తారు.

కొత్త రూల్ ప్రకారం ప్రభుత్వేతర ఉద్యోగులు యాన్యుటీకి కనీసం 20 శాతం పెడితే చాలు. మిగతా 80 శాతం చేతికి తీసుకోవచ్చు. జమైన మొత్తం 8 లక్షలు దాటకపోతే అసలు యాన్యుటీయే అక్కర్లేదు, మొత్తం తీసేసుకోవచ్చు. 8 నుంచి 12 లక్షల మధ్య ఉంటే 6 లక్షల వరకు ఒకేసారి తీసుకుని, మిగతాది కనీసం ఆరేళ్ల పాటు విడతలవారీగా తీసుకునే దారి పెట్టారు. లేదంటే యాన్యుటీ కొనుక్కోవచ్చు.

ఇదంతా పెన్షన్ సంస్థ రూల్. పన్ను వేసేది మాత్రం ఆదాయపు పన్ను చట్టం. ఈ రెండూ వేర్వేరు. పాత ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 10, క్లాజ్ 12ఏ ఏం చెప్పిందంటే, ఎన్‌పీఎస్ ఖాతా మూసేటప్పుడు వచ్చే డబ్బులో 60 శాతం వరకే పన్ను మినహాయింపు. అక్కడ 80 అనే అంకె లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టం 2025లో పార్లమెంట్ ఆమోదించిన పాఠం కూడా ఈ 60 శాతం పరిమితినే ఉంచింది.

అంటే మీరు 80 శాతం తీసుకుంటే, అందులో 60 శాతానికి పన్ను లేదు. మిగిలిన 20 శాతం మీ ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. దానికి మీ స్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. 2026 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌లో ఈ తేడాను సరిచేస్తారా అని చాలామంది ఎదురుచూశారు. చట్టంలో ఉన్న అంకెతోనే లెక్క వేసుకోవాలి.

యాన్యుటీకి పెట్టిన డబ్బు సంగతేంటి?

యాన్యుటీ కొనడానికి వెళ్లే డబ్బు మన బ్యాంకు ఖాతాలోకి రాదు. నేరుగా బీమా కంపెనీకి వెళ్తుంది. అందుకే ఆ రోజు దాని మీద పన్ను లేదు. చట్టం దాన్ని మన చేతికి రానట్టే చూస్తుంది.

కానీ ఆ తర్వాత నెలనెలా వచ్చే పెన్షన్ మీద మాత్రం పూర్తిగా పన్ను లెక్క ఉంది. ఇక్కడ ఓ అపోహ ఉంది. "నా డబ్బే కదా నాకు తిరిగిస్తున్నారు, దానికి పన్నేంటి?" అని చాలామంది అడుగుతారు. పొదుపు చేసేటప్పుడు పన్ను మినహాయింపు వచ్చింది, యాన్యుటీ కొనేటప్పుడూ పన్ను వేయలేదు. అందుకే చివరికి చేతికొచ్చేటప్పుడు వేస్తారు. అసలు ఎంత, వడ్డీ ఎంత అని విడగొట్టే పద్ధతి మన దగ్గర లేదు. వచ్చిన పెన్షన్ మొత్తం ఆదాయమే.

ఇంకో చిన్న విషయం, కానీ ముఖ్యమైంది. జీతం తీసుకునేవాళ్లకు కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది. పాత యజమాని ఇచ్చే పెన్షన్‌ను కూడా జీతంగానే చూస్తారు కాబట్టి దానికీ వర్తిస్తుంది. కానీ ఎన్‌పీఎస్ యాన్యుటీ ఇచ్చేది బీమా కంపెనీ. ఆ కంపెనీ మన యజమాని కాదు. అందుకే రిటర్న్‌లో దాన్ని సాధారణంగా ఇతర ఆదాయం కింద చూపిస్తారు. అక్కడ ఆ 75 వేలు తగ్గవు.

30 లక్షలతో ఓ లెక్క

మాటల్లో కన్నా అంకెల్లో చూస్తే సులువు. ఇది ఊహించుకున్న ఉదాహరణ. కొత్తూరు వైపు ఓ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అనుకుందాం. నెలకు లక్ష జీతం. 60 ఏళ్లు నిండి 2026 ఫిబ్రవరి నెలాఖరున రిటైర్ అయ్యారు. ఎన్‌పీఎస్‌లో 30 లక్షలు ఉన్నాయి. కొత్త పన్ను విధానంలో ఉన్నారు.

ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా 11 నెలల జీతం 11 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 10 లక్షల 25 వేలు. ఆ ఆర్థిక సంవత్సరం, అంటే 2025-26లో కొత్త విధానం కింద 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి ఈయన జీతం మీద కట్టాల్సిన పన్ను సున్నా. ఇక ఎన్‌పీఎస్ దగ్గర ఆయన ముందు మూడు దారులున్నాయి.

మొదటి దారి, పాత పద్ధతిలాగే 60-40. చేతికి 18 లక్షలు వస్తాయి, పన్ను లేదు. 12 లక్షలు యాన్యుటీకి వెళ్తాయి. బీమా కంపెనీ ఏడాదికి 6.5 శాతం ఇస్తుందని అనుకుంటే 78 వేలు, అంటే నెలకు 6,500 పెన్షన్. అసలు రేటు కంపెనీని బట్టి, వయసును బట్టి, ఎంచుకున్న ప్లాన్‌ను బట్టి మారుతుంది. ఇది లెక్క కోసమే.

రెండో దారి, మార్చిలోనే 80-20 తీసుకోవడం. చేతికి 24 లక్షలు. యాన్యుటీకి 6 లక్షలు, దాని మీద నెలకు 3,250 పెన్షన్. అయితే 24 లక్షల్లో 18 లక్షలకే పన్ను లేదు. మిగతా 6 లక్షలు ఆదాయంలో కలుస్తాయి. జీతం 10.25 లక్షలు, ఈ 6 లక్షలు కలిపి 16 లక్షల 25 వేలు అయింది. 12 లక్షల గీత దాటింది కాబట్టి రిబేటు మొత్తం పోయింది. ఇప్పుడు స్లాబ్ లెక్క మొదటి నుంచీ పడుతుంది.

తొలి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షలకు 5 శాతం చొప్పున 20 వేలు. 8 నుంచి 12 లక్షలకు 10 శాతం చొప్పున 40 వేలు. 12 నుంచి 16 లక్షలకు 15 శాతం చొప్పున 60 వేలు. ఆపైన ఉన్న 25 వేలకు 20 శాతం చొప్పున 5 వేలు. మొత్తం లక్షా 25 వేలు. దాని మీద 4 శాతం సెస్ 5 వేలు. కట్టాల్సింది లక్షా 30 వేలు.

ఒక్కసారి గమనించండి. 6 లక్షలు అదనంగా చేతికి తీసుకోవడం వల్ల లక్షా 30 వేలు పన్ను పడింది. అంటే ఆ అదనపు ప్రతి వంద రూపాయల్లో దాదాపు 22 రూపాయలు పన్నుకే పోయాయి. నిన్నటిదాకా సున్నా పన్ను కట్టిన మనిషికి ఇది పెద్ద దెబ్బే.

మూడో దారి: నాలుగు వారాలు ఆగితే?

మూడో దారిలో ఆయన తీసుకునేది అదే 80 శాతం. మారేది తేదీ ఒక్కటే. మార్చిలో కాకుండా ఏప్రిల్ 1 తర్వాత ఎగ్జిట్ రిక్వెస్ట్ పెడతారు. అప్పుడు ఆ 6 లక్షలు 2026-27 ఆర్థిక సంవత్సరంలోకి వెళ్తాయి.

ఆ ఏడాది ఆయనకు జీతం లేదు. ఎన్‌పీఎస్ నుంచి పన్ను పడే 6 లక్షలు, ఏడాది పెన్షన్ 39 వేలు, బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ లక్షన్నర వచ్చిందనుకుందాం. మొత్తం 7 లక్షల 89 వేలు. ఇప్పుడున్న స్లాబులు, రిబేటు అలాగే కొనసాగితే 12 లక్షల లోపే కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా. డబ్బు అదే, శాతం అదే. నెల రోజులు ఆగినందుకు లక్షా 30 వేలు మిగిలాయి.

ఇలా ఆగొచ్చా? ఆగొచ్చు. రిటైరైన రోజే ఎన్‌పీఎస్ ఖాతా మూసేయాలని ఎక్కడా లేదు. ఖాతాను కొనసాగించుకునే వెసులుబాటు ఇంతకుముందు 75 ఏళ్ల దాకా ఉండేది, దాన్ని 85కి పెంచారు. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు ఫైనల్ సెటిల్మెంట్‌తో పాటే ఎన్‌పీఎస్ ఎగ్జిట్ కూడా పెట్టించేస్తామంటే, కంగారుపడి సంతకం చేయాల్సిన పని లేదు.

అయితే ఆగడంలో ఓ రిస్క్ ఉంది. ఖాతా మూసేదాకా డబ్బు మార్కెట్‌లోనే ఉంటుంది. ఎక్కువ భాగం షేర్లలో ఉంటే, ఆ నెల రోజుల్లో మార్కెట్ పడితే 30 లక్షలు కాస్తా 29 కావచ్చు, 28 కావచ్చు. అందుకే ఎగ్జిట్ దగ్గర పడ్డవాళ్లు ముందుగానే షేర్ల వాటా తగ్గించి, ప్రభుత్వ బాండ్ల వైపు మార్చుకుంటే ఊగిసలాట తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం కాదు.

ప్లాట్ అమ్మే ఆలోచన ఉందా?

షాద్‌నగర్ చుట్టుపక్కల ఇది అడగాల్సిన ప్రశ్నే. ఇక్కడ చాలామంది ఉద్యోగులు ఎప్పుడో తక్కువ రేటుకి కొన్న ప్లాట్‌ను రిటైర్మెంట్ టైంలోనే అమ్ముతారు. పిల్ల పెళ్లి కోసమో, ఇల్లు కట్టడం కోసమో.

ఎన్‌పీఎస్ డబ్బు తీసుకునే ఏడాదే ప్లాట్ కూడా అమ్మితే లెక్క మారిపోతుంది. ప్లాట్ మీద వచ్చిన లాభం కూడా మొత్తం ఆదాయంలో కలుస్తుంది. మన సూపర్‌వైజర్‌కి 2026-27లో 7.89 లక్షల ఆదాయం ఉందనుకున్నాం కదా. అదే ఏడాది ప్లాట్ మీద 10 లక్షల దీర్ఘకాలిక లాభం వస్తే మొత్తం 17.89 లక్షలు. 12 లక్షలు దాటింది కాబట్టి రిబేటు పోయింది. ప్లాట్ లాభం మీద ఎలాగూ 12.5 శాతం పన్ను విడిగా ఉంటుంది. దానికి తోడు, సున్నా అనుకున్న 7.89 లక్షల మీద కూడా 19,450 రూపాయలు, సెస్ కలిపితే 20 వేలకు పైనే పడుతుంది. రెండు పనులను రెండు వేర్వేరు ఆర్థిక సంవత్సరాల్లో చేసుకుంటే ఈ రెండో భారం తప్పుతుంది.

చిన్న మొత్తం ఉన్నవాళ్ల పరిస్థితి

అందరి దగ్గరా 30 లక్షలు ఉండవు. నెలకు 30 వేల జీతంతో పనిచేసిన ఓ ఫిట్టర్ ఖాతాలో ఏడున్నర లక్షలు ఉన్నాయనుకుందాం. 8 లక్షల లోపే కాబట్టి మొత్తం తీసేసుకోవచ్చు. కానీ ఇక్కడా అదే 60 శాతం గీత. నాలుగున్నర లక్షలకు పన్ను లేదు. మిగతా 3 లక్షలు ఆదాయంలో కలుస్తాయి.

ఆ ఏడాది 11 నెలల జీతం 3.30 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 2.55 లక్షలు. ఈ 3 లక్షలు కలిపితే 5.55 లక్షలు. రిబేటు ఉంది కాబట్టి కట్టాల్సింది ఏమీ లేదు. ఈయనకు మార్చిలో తీసుకున్నా, ఏప్రిల్‌లో తీసుకున్నా ఒకటే.

కానీ ఒక పని మాత్రం తప్పదు. ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్న్ దాఖలు చేయాలి. పన్ను సున్నా అవ్వడం వేరు, రిటర్న్ వేయక్కర్లేకపోవడం వేరు. రిబేటు అనేది రిటర్న్‌లో చూపిస్తేనే వస్తుంది. ఎప్పుడూ రిటర్న్ వేయనివాళ్లు ఈ ఒక్క ఏడాది మర్చిపోతే, తర్వాత నోటీసు వచ్చినప్పుడు తల పట్టుకోవాల్సి వస్తుంది.

60 కంటే ముందే ఉద్యోగం మానేస్తే?

ఫ్యాక్టరీ మూతపడిందనో, ఆరోగ్యం బాగోలేదనో 50 ఏళ్లకే ఉద్యోగం మానేసేవాళ్లు ఉంటారు. వీళ్లు పీఎఫ్ లాగే ఎన్‌పీఎస్ డబ్బు కూడా తీసేసుకుందామనుకుంటారు. ఇక్కడ రూల్ పూర్తిగా తిరగబడుతుంది. ముందుగా ఖాతా మూస్తే 20 శాతమే చేతికి, 80 శాతం యాన్యుటీకి. 10 లక్షలు ఉంటే చేతికొచ్చేది 2 లక్షలే. మొత్తం 5 లక్షల లోపు ఉన్నవాళ్లకు మాత్రమే అంతా తీసుకునే అవకాశం ఉంది.

ఉద్యోగం పోయినంత మాత్రాన ఎన్‌పీఎస్ ఖాతా ఆగిపోదు. ప్రాన్ నంబర్ ఆ మనిషిది, కంపెనీది కాదు. దాన్ని మామూలు పౌరుల విభాగంలోకి మార్చుకుని కొనసాగించుకోవచ్చు. కొత్త కంపెనీలో చేరితే అక్కడికీ తీసుకెళ్లొచ్చు. మరీ అవసరం పడితే తప్ప 50 ఏళ్లకు యాన్యుటీ కొనడం నష్టమే. వయసు తక్కువ ఉన్నప్పుడు కొంటే నెలవారీ పెన్షన్ తక్కువ వస్తుంది, పైగా ఆ రేటు జీవితాంతం అక్కడే ఆగిపోతుంది.

ఫారం నింపేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

ఎగ్జిట్ రిక్వెస్ట్ ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు యాన్యుటీకి ఎంత శాతం అని అడుగుతుంది. కనీసం 20 అని ఉంది కదా అని అదే పెట్టేస్తే, పన్ను పడే 20 శాతాన్ని మీరే ఎంచుకున్నట్టు. అక్కడ 40 పెడితే చేతికొచ్చే 60 శాతానికి అసలు పన్నే ఉండదు. మధ్యలో 30 కూడా పెట్టుకోవచ్చు. అప్పుడు 10 శాతానికే పన్ను లెక్క. ముందుగా ఆ ఏడాది మిగతా ఆదాయం ఎంతో కాగితం మీద రాసుకుని, 12 లక్షల గీతకు ఇంకా ఎంత ఖాళీ ఉందో చూసుకుంటే ఎంత శాతం పెట్టాలో తేలిపోతుంది. మన సూపర్‌వైజర్‌కి మార్చిలో ఉన్న ఖాళీ లక్షా 75 వేలే. అందుకే 6 లక్షలు అందులో పట్టలేదు.

ఆ తర్వాత వచ్చేది యాన్యుటీ ప్లాన్. బతికున్నంత కాలం పెన్షన్ ఇచ్చి, చనిపోయాక కట్టిన డబ్బు నామినీకి తిరిగిచ్చేది ఒకటి. డబ్బు తిరిగివ్వకుండా నెలకు కాస్త ఎక్కువ పెన్షన్ ఇచ్చేది ఇంకోటి. భర్త తర్వాత భార్యకు, భార్య తర్వాత భర్తకు కొనసాగేవీ ఉన్నాయి. వీటిలో ఏది తీసుకున్నా నెలవారీ పెన్షన్ మీద పన్ను లెక్క ఒకటే. కాబట్టి ఈ ఎంపికలో పన్ను కాదు, ఇంట్లో మీ మీద ఆధారపడేవాళ్లు ఎవరున్నారన్నదే చూసుకోవాలి. పాలసీ వచ్చాక వెనక్కి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. అది దాటితే మార్చుకునే వీలుండదు.

చివరగా రిటర్న్. పన్ను లేని 60 శాతాన్ని మినహాయింపు ఆదాయం కింద చూపించాలి. పన్ను పడే భాగాన్ని, యాన్యుటీ పెన్షన్‌ను ఆదాయంలో చూపించాలి. "టీడీఎస్ కట్ కాలేదు, అంటే పన్ను లేదు" అనుకోవద్దు. టీడీఎస్ కట్ కాకపోయినా పన్ను కట్టాల్సిన బాధ్యత మనదే. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు దాటినవాళ్లకు అడ్వాన్స్ ట్యాక్స్ బాధ లేదు కాబట్టి, రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి కట్టుకోవచ్చు. రిటర్న్ వేసే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ ఓపెన్ చేసి, మీ పేరు మీద ఏయే మొత్తాలు కనిపిస్తున్నాయో మీ లెక్కతో సరిచూసుకోండి.

ఫిబ్రవరి, మార్చిలో రిటైర్ అయ్యేవాళ్లు ఎగ్జిట్ బటన్ నొక్కే ముందు రెండు అంకెలు చూసుకోవాలి. ఒకటి, ఆ ఏడాది వచ్చే జీతం, మిగతా ఆదాయం. రెండు, ఎన్‌పీఎస్ మొత్తంలో 20 శాతం. ఆ రెండూ కలిపితే 12 లక్షలు దాటుతుంటే, ఏప్రిల్ 1 దాకా ఆగడమో, యాన్యుటీకి 40 శాతం పెట్టడమో.. ఏదో ఒకటి ఆలోచించాలి. దాటకపోతే మాత్రం ఎప్పుడు తీసుకున్నా పన్ను పరంగా తేడా రాదు.